అప్‌డేట్: రామిప్రిల్ దగ్గు తగ్గింది

నా ప్రశ్న: "రామిప్రిల్ అనే బీపీ మందు మొదలయ్యాక పొడిదగ్గు. మందు ఆపితే కిడ్నీల సంగతేంటి?"

దగ్గుకు కారణం మందే. ఏసీఈ ఎంజైమ్ రక్తనాళాల్ని బిగించే యాంజియోటెన్సిన్ 2ను తయారుచేస్తుంది, బ్రాడికినిన్ అనే పదార్థాన్ని విరగ్గొడుతుంది. మందు రెండు పనులనూ ఆపుతుంది. మొదటిది ఆగితే బీపీ దిగుతుంది. కిడ్నీ వడపోత గుత్తి నుంచి రక్తం బయటికెళ్లే నాళం వదులై, లోపలి ఒత్తిడి, మూత్రంలో పోయే ప్రొటీన్ తగ్గుతాయి. రెండోది ఆగితే బ్రాడికినిన్ శ్వాసనాళాల్లో పేరుకుని గొంతు గీరుతుంది. కఫం పడదు, దగ్గు సిరప్‌తో పెద్దగా లాభముండదు.

డాక్టర్ టెల్మిసార్టాన్‌కు మార్చారు. అది యాంజియోటెన్సిన్ పనిచేసే చోటునే అడ్డుకుంటుంది, ఏసీఈ జోలికి పోదు. కాబట్టి బ్రాడికినిన్ పేరుకోదు, కిడ్నీకి కాపు మాత్రం అలాగే ఉంటుంది. మూడో వారానికి దగ్గు పోయింది. కొందరికి 3 నెలలు పట్టొచ్చట. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.0 నుంచి 1.2 అయింది. పెరుగుదల 30 శాతం లోపే కాబట్టి మందు కొనసాగించమన్నారు, పొటాషియం కూడా చూశారు.

ఒక్క మాట: ఈ మందులు వాడుతుండగా పెదవులో నాలుకో వాస్తే అది దగ్గులాంటిది కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.