ఆర్‌ఎక్స్ 100 పొగ ఆగట్లేదు, ఆయిల్ పంపు మూసేయమంటున్నారు. మూయించాలా?

శ్రీను, కె.ఆర్. పురం:
రెండు నెలల కింద 1995 మోడల్ ఆర్‌ఎక్స్ 100 కొన్నాను. ఇంతకుముందు స్ప్లెండర్ నడిపేవాణ్ని, టూ స్ట్రోక్ నాకు కొత్త. పొద్దున స్టార్ట్ చేస్తే పొగ వస్తుందని తెలుసు. కానీ నా బండి పది కిలోమీటర్లు పోయాక కూడా తెల్లగా వదులుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర వెనకాల వాళ్లు తిడుతున్నారు. మెకానిక్‌ని అడిగితే, వేరే డబ్బాలోంచి ఇంజన్‌కి ఆయిల్ పంపే ఆ పంపు పాతదైపోయింది, మూసేసి లీటరు పెట్రోలుకి 40 మిల్లీ టూటీ ఆయిల్ కలుపుకోమన్నాడు. అసలు ఆయిల్‌ని పెట్రోలుతో పాటు కాల్చడం ఎందుకు? స్ప్లెండర్‌లో పోసిన ఆయిల్ పోసినట్టే ఉండేది కదా.

కిరణ్:
పొగ వస్తోందంటే రింగులు పోయినట్టే బ్రో. బోర్ చేయించి కొత్త పిస్టన్ వేయించు. మా పల్సర్‌కి ఇదే అయింది.

సుజాత, మారతహళ్లి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా యాక్టివాలో కూడా పెట్రోల్‌లో ఆయిల్ కలపాలా? బంకులో ఒకాయన మైలేజీ పెరుగుతుందంటే పోయిన వారం 50 మిల్లీ పోయించాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

రమణ, కుప్పం:
సుజాత గారూ, యాక్టివా ఫోర్ స్ట్రోక్. దాని ఆయిల్ దాని ఇంజన్‌లోనే వేరుగా ఉంటుంది. ఒకసారికి ఏమీ కాదు, ట్యాంకు అయిపోయేదాకా కాస్త పొగ రావచ్చు. మళ్లీ మాత్రం పోయించకండి.

శ్రీనూ, నేను జేసీ రోడ్డు దగ్గర షెడ్డులో చాలా ఏళ్లు ఈ బళ్లే విప్పాను. ముందు నీ రెండో ప్రశ్న చెప్తాను, అది అర్థమైతే మొదటిది సగం తేలిపోతుంది.

స్ప్లెండర్‌లో పిస్టన్ కింద క్రాంకు తిరిగే గది ఉంటుంది కదా, అది ఆయిల్ తొట్టి. పెట్రోలు ఆ వైపే రాదు, పైనుంచి వాల్వు గుండా వచ్చి పైనుంచే పోతుంది. ఆర్‌ఎక్స్ హెడ్డులో వాల్వులే లేవు. పిస్టన్ పైకి పోతున్నప్పుడు కార్బొరేటర్ నుంచి పెట్రోలు, గాలి ఆ కింది గదిలోకే వస్తాయి. పిస్టన్ దిగుతూ వాటిని నొక్కి, పక్క దారుల గుండా పైకి తోస్తుంది. అంటే ఆ గది సైకిల్ పంపు లాగా పని చేస్తోంది. అందుకే క్రాంకు ఒక్కో చుట్టుకీ ఒకసారి మండుతుంది, 98 సీసీకే 11 హార్స్‌పవర్ వస్తుంది. స్ప్లెండర్‌లో రెండు చుట్లకి ఒకసారి.

ఇప్పుడు ఆ గదిలో ఆయిల్ పోసి ఉంచావనుకో, గాలితో పాటు అదీ ఎగిరి సైలెన్సర్ దారి పడుతుంది. కాబట్టి నిలవ ఉంచే వీల్లేదు. వచ్చే పెట్రోలుతోనే కొంచెం కొంచెం పంపాలి. పోతూ పోతూ క్రాంకు బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు, సిలిండర్ గోడ తడుపుతుంది. ఆ తర్వాత అది ఎక్కడికి పోతుంది? పైకి పోయి కాలుతుంది, కాలనిది సైలెన్సర్ చివర నల్లగా కారుతుంది. కాలడం దాని పని కాదు, దారి అటే ఉంది మరి.

బాషా, హోసూరు:
బాగా చెప్పారన్నా. కానీ ఆ మెకానిక్ చెప్పింది తప్పేం కాదు. నేను ఆరేళ్లుగా పంపు మూసేసి కలిపే పోస్తున్నా. పంపు తిప్పే గేరు విరిగితే హెచ్చరిక ఏమీ ఉండదు, పిస్టన్ పట్టేసుకుంటేనే తెలుస్తుంది. కలిపి పోస్తే పెట్రోలు ఉన్నంతసేపూ ఆయిల్ ఉన్నట్టే. యెజ్దీలు, టీవీఎస్ 50లు అలా తిరిగినవే కదా.

రమణ, కుప్పం:
కాదనను బాషా. కానీ పంపుకి యాక్సిలరేటర్ వైరు కలిపి ఉంటుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో తక్కువ, హైవే మీద ఎక్కువ పోస్తుంది. నువ్వు కలిపింది అన్నిచోట్లా ఒకటే పాళ్లు. ఇంకోటి, నంది హిల్స్ దిగేటప్పుడు గేరులో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంజన్ వేగంగా తిరుగుతుంది, పెట్రోలు మాత్రం దాదాపు రాదు. పెట్రోలు రాకపోతే దాంట్లోని ఆయిలూ రాదు. మధ్య మధ్యలో ఒకసారి యాక్సిలరేటర్ తిప్పుతూ దిగాలి.

ఎక్కువ ఆయిల్ మంచిదే కదా అని కొందరు లీటరుకి 60 కూడా పోస్తారు. ఆయిల్ పెరిగితే అదే జెట్టులోంచి పోయే పెట్రోలు తగ్గుతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి కడుతుంది.

సరే, శ్రీను బండి సంగతి. కిరణ్, నువ్వు చెప్పింది పల్సర్‌కి సరే. అక్కడ కింద ఆయిల్ తొట్టి ఉంది కాబట్టి రింగులు అరిగితే అది పైకి వస్తుంది. ఇక్కడ కింద తొట్టే లేదు. రింగులు పోతే కిక్కు తేలికవుతుంది, లాగడం తగ్గుతుంది. శ్రీనూ, కిక్కు ఎలా ఉంది? క్లచ్, గేర్లు ఉండే వైపు ఆయిల్ వేరే ఉంటుంది, అది ఎప్పుడైనా చూశావా?

శ్రీను, కె.ఆర్. పురం:
కిక్కు గట్టిగానే ఉందన్నా, 80 దాకా బాగానే పోతోంది. గేర్ ఆయిల్ నెల కిందే మార్పించాను, ఇంక ఎందుకు చూడాలని చూడలేదు.

రమణ, కుప్పం:
ఆదివారం బండి వేడెక్కాక ఒక డబ్బా పెట్టి దించి చూడు. ఎంత పోశావో, ఎంత వచ్చిందో చెప్పు. బండి కింద నేల మీద మరకలున్నాయేమో కూడా.

శ్రీను, కె.ఆర్. పురం:
దించాను. పోసినదాంట్లో సగం కూడా రాలేదు! నేల మీద చుక్క లేదు. ప్లగ్గు విప్పితే తడిగా, నల్లగా ఉంది.

రమణ, కుప్పం:
దొరికింది. క్రాంకు గదికీ క్లచ్ గదికీ మధ్య క్రాంకు మీద ఒక ఆయిల్ సీలు ఉంటుంది. అది ఎండిపోయి పగిలింది. పిస్టన్ పైకి పోయిన ప్రతిసారీ కింది గది గాలి పీలుస్తుంది కదా, ఆ సీలు సందులోంచి గేర్ ఆయిల్ కూడా పీలుస్తోంది. అదే నీ తెల్ల పొగ. ఇలాంటప్పుడు పంపు మూసినా, తెరిచినా పొగ తగ్గదు. పైగా గేర్ ఆయిల్ అయిపోతే క్లచ్, గేర్లు కూడా పోతాయి.

సీలు మార్పించు. క్లచ్ వైపుదొక్కటే కాదు, మాగ్నెట్ వైపుదీ కలిపి. మాగ్నెట్ వైపుది పోతే పొగ రాదు, అదే ప్రమాదం. అక్కడ ఆయిల్ లేదు కాబట్టి ఒట్టి గాలి పీలుస్తుంది. ఐడిల్ దానంతటదే పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ దిగదు. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

కిరణ్:
ఓహో, అయితే నేను తప్పు చెప్పాను. ఇంకో డౌట్. టూటీకి బదులు ఫోర్ స్ట్రోక్ బళ్లలో పోసే 20డబ్ల్యూ40 కలిపితే నడవదా?

రమణ, కుప్పం:
నడుస్తుంది, కొన్నాళ్లు. అది కాలడానికి చేసింది కాదు, దాంట్లో కలిపేవి కాలితే బూడిద మిగులుతుంది. ప్లగ్గు కొనల మధ్య అది పేరుకుంటుంది. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉన్న టూటీ తీసుకో, పొగ కూడా తక్కువ.

శ్రీను, కె.ఆర్. పురం:
రెండు సీళ్లూ మారాయి. మొదటి రెండు రోజులు పొగ వచ్చింది, సైలెన్సర్‌లో పేరుకున్నది కాలిందట. ఇప్పుడు పొద్దున ఒక్క నిమిషం, అంతే. పంపు ఉంచేశాను. బాషా అన్న మాట మనసులో ఉంది గానీ, పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ కొలిచి పోయడం నా వల్ల కాదు.

బాషా, హోసూరు:
నీ బండి, నీ ఇష్టం తమ్ముడూ. నేనైతే ఒప్పుకోను. కనీసం ఆ గేరు ఒకసారి విప్పించి చూడు.

శ్రీను, కె.ఆర్. పురం:
ఇంకొకటి రమణన్నా. పని చేసేటప్పుడు ఆయిల్ పైపు ఊడదీశారు. ఇప్పుడు పైపులో చిన్న బుడగ ఒకటి కనిపిస్తోంది. ఫర్వాలేదా?

రమణ, కుప్పం:
ఫర్వా ఉంది. గాలి ఉన్నంతసేపూ పంపు తిరుగుతుంది గానీ ఆయిల్ పోదు. ఇప్పుడే ట్యాంకులో లీటరుకి 20 మిల్లీ చొప్పున కలిపెయ్యి. తర్వాత పంపు మీద గాలి తీసే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా ఆయిల్ కారేదాకా ఆగి బిగించు. పైపు మొత్తం నిండుగా కనిపించేదాకా ఆ కలిపిన పెట్రోలుతోనే నడుపు.