12తో భాగించి దాస్తుంటే రెండో నెలకే సరిపోలేదు. తప్పు లెక్కదా, పద్ధతిదా?

కొత్తపద్దు:
ఏడాదిలో అప్పుడప్పుడూ వచ్చిపడే ఖర్చులు కలిపితే 96 వేలు. బడి ఫీజు రెండో నెలలో 36 వేలు, ఎనిమిదో నెలలో 24 వేలు. బీమా ప్రీమియం నాలుగో నెలలో 24 వేలు. పండగకు ఆరో నెలలో 12 వేలు. 12తో భాగించి, మొదటి నెల నుంచి నెలకు 8 వేలు విడిగా ఒక ఖాతాలో వేస్తున్నాను. ఇప్పుడు రెండో నెల, ఫీజు కట్టాలి, ఉన్నవి 16 వేలు. తప్పెక్కడ జరిగింది?

తొందరమాట:
అత్యవసర నిధి ఉంది కదా, అందులోంచి తీసి కట్టేయండి. దానికే కదా అది.

చిల్లరడబ్బా:
దానికి కాదండీ. ఫీజు ఎప్పుడొస్తుందో, ఎంతో ముందే తెలుసు. తెలిసినదానికి అత్యవసర నిధి ముడితే, తెలియనిది వచ్చినప్పుడు ఏం ముడతారు?

కొత్తపద్దు గారూ, మీరు అన్నిటినీ ఒకే కుండలో వేసి 12తో భాగించారు, తప్పు అక్కడే. ఖర్చుకో డబ్బా ఉండాలి. ప్రతి డబ్బాకూ గడువుదాకా ఎన్ని నెలలున్నాయో దానితో భాగించాలి. మొదటి ఫీజుకు రెండే నెలలు, అంటే నెలకు 18 వేలు. ప్రీమియానికి నాలుగు నెలలు, 6 వేలు. పండగకు 2 వేలు, రెండో ఫీజుకు 3 వేలు. మొదటి నెల 29 వేలు వేయాల్సింది, మీరు 8 వేశారు. ఒక్కో గడువు దాటేకొద్దీ ఆ ఖర్చు మళ్ళీ 12తో భాగింపులోకి వస్తుంది. తొమ్మిదో నెలకు అన్నీ కలిపి 8 వేలకే దిగుతుంది.

గళ్ళపుస్తకం:
లెక్క సరే, కారణం తప్పు. ఒకే కుండ కావడం వల్ల రాలేదు ఈ ఇబ్బంది, మొదలుపెట్టిన నెల వల్ల వచ్చింది. ఓ కాగితం మీద నెలనెలా 8 కలుపుతూ, బిల్లు వచ్చిన నెలలో తీసేస్తూ రాయండి. సున్నాతో మొదలుపెడితే రెండో నెలలో 20 వేలు లోటు, నాలుగో నెలలో 28, ఆరో నెలలో 24, ఎనిమిదో నెలలో 32. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి పన్నెండో నెలకు సున్నా. అన్నిటికంటే లోతైన గొయ్యి 32. మొదటి నెల ఆరంభానికి ఖాతాలో ఉండాల్సినది సరిగ్గా అంతే.

ఇదే 8 వేలు తొమ్మిదో నెలలో మొదలుపెట్టి చూడండి. ఏడాది చివరికి 32, రెండో నెలలో 48 అవుతుంది, ఫీజు పోతే 12. నాలుగో నెలలో ప్రీమియం పోతే 4. ఆరో నెలలో పండగ పోతే 8. ఎనిమిదో నెలలో సున్నా. ఎక్కడా లోటు రాదు. గొయ్యి అడుగు ఏ నెలలో పడిందో ఆ మరుసటి నెలే మొదలుపెట్టడానికి మంచి నెల.

తొందరమాట:
ఇంత తతంగం ఎందుకు? ప్రీమియం నెలవారీకి మార్చుకుంటే ఓ తలనొప్పి పోతుంది.

గళ్ళపుస్తకం:
నెలవారీ మొత్తం ఎంతో చూశాక మార్చండి. ఉదాహరణకు ఏడాదికి 24 వేలు అయ్యేది నెలకు 2,100 చొప్పున అడిగితే 25,200 కడతారు. 1,200 ఎక్కువ, 5 శాతమేగా అనిపిస్తుంది. కానీ 24 వేలూ ఏడాదంతా మీ దగ్గర ఉండవు, నెలనెలా తరుగుతాయి. సగటున చూస్తే వడ్డీ 11 శాతం దగ్గర పడుతుంది. రెండూ సమానంగా ఉంటే మాత్రం నిక్షేపంగా మార్చుకోండి.

చిల్లరడబ్బా:
గొయ్యి లెక్క అందంగానే ఉంది. కానీ ఆయన తొమ్మిదో నెలలో మొదలుపెట్టలేదు, రెండో నెలలో ఉన్నాడు. ఆయనకేం చెబుతారు?

గళ్ళపుస్తకం:
ఇప్పుడు 20 వేలు కావాలి, తప్పదు. నాలుగో నెలలోగా ఇంకో 8, ఎనిమిదో నెలలోగా ఇంకో 4. అంటే మూడు, నాలుగు నెలల్లో నెలకు 12 వేలు, ఐదు నుంచి ఎనిమిది దాకా 9 వేలు, ఆపైన ఎప్పటికీ 8 వేలు. ఇప్పటి 20 అప్పు చేస్తే దాన్ని తీర్చడం వేరే. మీ డబ్బాల పద్ధతికి ఏడాది చివర 60 వేలు నిల్వ ఉండాలి. నా పద్ధతికి 32 చాలు. ఒక బిల్లుకోసం ముందే పోగైన డబ్బు మరో బిల్లుకు సాయపడుతుంది కాబట్టి. ఆ 28 వేలు ఊరికే పడి ఉండటం దేనికి?

చిల్లరడబ్బా:
ఊరికే పడి లేవు. అవి నావే, డబ్బాలో ఉన్నాయి. "ఊరికే" అనే మాట దగ్గరే మీకూ నాకూ పడటం లేదు.

ఫీజుబాధితుడు:
వీళ్ళ గొడవ సరే, ఫీజే మారితే? మా పిల్లల బడివాళ్ళు గడువుకు రెండు నెలల ముందు పెంపు చెప్పారు. పైగా పుస్తకాలు, బస్సు విడిగా. ఏ లెక్కా నిలవలేదు. ఈ బళ్ళను అడిగేవాడే లేడు.

చిల్లరడబ్బా:
36 వేలు 40 అయితే రెండు నెలల్లో నెలకు 2 వేలు అదనం. బిల్లు కట్టిన రోజే వచ్చే ఏటి అంకె వేసుకుని, పుస్తకాలూ బస్సూ దాన్లోనే కలిపితే ఈ దెబ్బ చిన్నదవుతుంది.

గళ్ళపుస్తకం:
చిల్లరడబ్బా గారూ, మీరు ఒక్క లెక్కా తప్పని చూపించలేదు. భయం మీద వాదిస్తున్నారు.

చిల్లరడబ్బా:
అవునండీ, భయం మీదే! రెండో నెలలో ఖాతాలో 48 వేలు కనిపిస్తాయి. ఫీజు పోగా 12 మిగిలింది కదా అని ఇంట్లో ఒకరు కార్డు గీస్తారు. ఆ 12 ప్రీమియానిదని మీ పుస్తకానికి తెలుసు, కార్డుకు తెలియదు. పండగ ఇంకా ఘోరం. ఫీజుకు బిల్లొస్తుంది, పండగకు రాదు. 12 అనుకున్నది 20 అయిందనుకోండి, ఆరో నెలలో ఖాతా సున్నా అవుతుంది, ఎవరికీ ఏమీ అనిపించదు. ఎనిమిదో నెలలో 16 ఉంటాయి, ఫీజు 24. అప్పుడు అందరూ ఫీజును తిడతారు, పండగను కాదు.

గళ్ళపుస్తకం:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం రాకపోయేది. పండగను విడదీయడానికి ఒప్పుకుంటాను. అది కట్టాల్సిన బిల్లు కాదు, మనమే గీసుకున్న హద్దు. ఆ డబ్బాలో ఉన్నంతే ఖర్చు. కానీ ఫీజూ ప్రీమియం విడదీయాలంటే ఒప్పుకోను. వాటి అంకె మన చేతిలో లేదు, ఎవరూ ముచ్చటపడి ఎక్కువ కట్టరు.

చిల్లరడబ్బా:
ఖాతా ఒకరి చేతిలోనే ఉంటే సరే. ఇద్దరి చేతిలో ఉంటే ఫీజూ విడిగానే.

కొత్తపద్దు:
మా ఇంట్లో ఇద్దరి చేతిలో ఉంది. పండగది ఈ రోజే విడదీస్తాను, ఆరో నెలకు 12 కావాలంటే ఈ నెలతో కలిపి ఐదు నెలల్లో నెలకు 2,400. ఫీజు గురించి ఇంట్లో మాట్లాడాలి. 20 వేలకు మాత్రం బడివాళ్ళను రెండు వాయిదాలు అడుగుతాను.

తొందరమాట:
వాయిదాకు అదనం ఎంతో ముందే అడగండి. 11 శాతం లెక్క ఇక్కడా అదే.