300 మందికి ఒక మెసేజ్, 300 మందికి ఇంకోటి: 12 ఆర్డర్లు, 18 ఆర్డర్లు. గెలిచినట్టేనా?

కావలి_ఎంబీఏ
ప్రాజెక్టు కోసం ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు అమ్మే ఒక షాపు వాళ్లతో ఏ/బి టెస్ట్ చేశాను. వాళ్ల దగ్గర పాత కస్టమర్ల వాట్సాప్ నంబర్లు 600 ఉన్నాయి. సగం మందికి ‘డెలివరీ ఉచితం’ అని, మిగతా సగానికి ‘10 శాతం తగ్గింపు’ అని పంపాం. ఫొటో ఒకటే, పంపిన టైమూ ఒకటే. వారంలో ఉచిత డెలివరీకి 12 ఆర్డర్లు, తగ్గింపుకి 18 వచ్చాయి, అంటే 4 శాతం, 6 శాతం. ఒకటిన్నర రెట్లు కదా అని రిపోర్టులో ‘తగ్గింపు మెసేజ్ 50 శాతం మెరుగు’ అని రాస్తే, గైడ్ గారు ‘సిగ్నిఫికెన్స్ ఏది? హైపోథిసిస్ ఏది?’ అని గీసి వెనక్కి పంపారు. షాపాయన మాత్రం ఇకనుంచి అన్నిటికీ తగ్గింపే అంటున్నాడు. వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఏం రాయమంటారు?

ఒంగోలు_గిత్త
శాంపిల్ 30 దాటితే చాలు తమ్ముడూ, మాకు డిగ్రీలో అదే చెప్పారు. నీ దగ్గర 300 ఉంటే ఇంకేంది. గైడ్ ఊరికే పట్టుకున్నట్టున్నాడు.

లెక్కల_టీచర్
ఆ 30 అనేది సగటు ఇంచుమించు గంట ఆకారంలోకి వస్తుందని చెప్పే ఒక బండగుర్తు మాత్రమే. నూటికి నలుగురు కొనే చోట 30 మందిని తీసుకుంటే వచ్చేది ఒకటో రెండో ఆర్డర్లు, దాంతో ఏం తేలుస్తారు?

గైడ్ అడిగింది ఇదీ: రెండు గుంపులకీ అచ్చంగా ఒకే మెసేజ్ పంపినా, కేవలం కాకతాళీయంగా 12కీ 18కీ మధ్య ఉన్నంత తేడా రాదా? అందుకే ముందు ‘రెండు మెసేజ్‌లకీ ఆర్డరు శాతం ఒకటే’ అనుకుని మొదలుపెడతాం. అదే నల్ హైపోథిసిస్. మీ లెక్కలో కలిపి చూస్తే 600కి 30, అంటే 5 శాతం. అలాంటి చోట 300, 300 పంచినప్పుడు రెండు శాతాల మధ్య తేడా మామూలుగానే 1.78 పాయింట్ల మేర అటూఇటూ ఊగుతుంది. మీకొచ్చిన తేడా 2 పాయింట్లు. 2ని 1.78తో భాగిస్తే సుమారు 1.12 వస్తుంది. షీట్‌లో ఇది కొట్టి చూడండి:

```
=2*(1-NORM.S.DIST(1.12,TRUE))
```

0.26 వస్తుంది, దీన్నే p అంటారు. అంటే మెసేజ్‌ల మధ్య తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా గానీ, ఇంతకన్నా ఎక్కువ గానీ నాలుగుసార్లలో ఒకసారి కనపడుతుంది. సాధారణంగా పెట్టుకునే గీత 0.05, దాని కిందికి వస్తేనే సిగ్నిఫికెంట్ అంటారు. మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు.

కందుకూరు_పచ్చళ్లు
మేమూ చేశాం ఈ టెస్ట్. సంక్రాంతి ముందు ఆవకాయ ఫొటోతో ఒక పోస్టరు, పండగ అయ్యాక గోంగూరతో ఇంకో పోస్టరు. మొదటిదానికి ఆర్డర్లు మూడింతలు. లెక్కలేమీ అక్కర్లేదు, కంటికే కనపడింది.

ఒంగోలు_గిత్త
అన్నా, అది పోస్టర్‌కి పెట్టిన టెస్ట్ కాదు, పండక్కి పెట్టిన టెస్ట్ 😀

కందుకూరు_పచ్చళ్లు
ఏమో, డబ్బులైతే వచ్చాయి.

లెక్కల_టీచర్
@కావలి_ఎంబీఏ, ఇంతకీ ఎవరికి ఏ మెసేజ్ అన్నది ఎట్లా పంచారు?

కావలి_ఎంబీఏ
షాపాయన షీట్ ఇచ్చాడు మేడమ్. పైన ఉన్న 300 మందికి ఉచిత డెలివరీ, కింద 300 మందికి తగ్గింపు.

లెక్కల_టీచర్
ఆ షీట్‌లో పేర్లు ఏ వరసలో ఉన్నాయి?

కావలి_ఎంబీఏ
కొన్నప్పుడల్లా కింద ఎక్కించుకుంటూ పోతాడు... అంటే పైన ఉన్నవాళ్లు పాతవాళ్లు.

లెక్కల_టీచర్
అసలు చిక్కు ఇక్కడుంది, 0.26 కన్నా పెద్దది. ఎప్పుడో కొని మర్చిపోయినవాళ్లకి ఒక మెసేజ్, మొన్న కొన్నవాళ్లకి ఇంకోటి వెళ్లింది. ఈమధ్య కొన్నవాళ్లు మళ్లీ కొనడం మామూలే. ఇక ఆ 18 తగ్గింపు వల్ల వచ్చిందో, జనం వల్ల వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు, p ఎంత చిన్నగా వచ్చినా సరే. రెండు గుంపుల్లో చివరిసారి కొన్న తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. మళ్లీ చేసేటప్పుడు పక్క కాలమ్‌లో `=RAND()` పెట్టి, వచ్చిన అంకెల్ని విలువలుగా పేస్ట్ చేసి, దాని ప్రకారం సార్ట్ చేశాక సగానికి కోయండి. విలువలుగా పేస్ట్ చేయకపోతే షీట్ ముట్టుకున్నప్పుడల్లా అంకెలు మారిపోతాయి, ఎవరు ఎటు వెళ్లారో తర్వాత చూపించలేరు.

నెల్లూరు_డిజిటల్
నేను యాడ్స్ నడుపుతాను. సింపుల్‌గా చెప్తా, మెసేజ్‌లు పంపుతూ రోజూ p చూసుకో, 0.05 కిందికి దిగగానే ఆపెయ్. అప్పుడు తగ్గింపు మెసేజే మంచిదని 95 శాతం గ్యారంటీ.

లెక్కల_టీచర్
రెండూ కుదరవండీ. 0.05 అనేది ‘తేడా లేదు’ అనుకున్నప్పుడు ఇలాంటి ఫలితం ఎంత అరుదో చెప్తుంది, తగ్గింపు గెలిచే అవకాశం ఎంతో చెప్పదు. ఇక రోజూ తొంగి చూసి దిగగానే ఆపడం అంటే, దిగేదాకా చాన్సులు తీసుకోవడమే. నిజంగా తేడా లేని చోట ఒక్కసారే చూస్తే పొరపాటున ‘గెలిచింది’ అనే అవకాశం 5 శాతం. నడుమ నడుమ చూస్తూ అయిదుసార్లు చూస్తే అది సుమారు 14 శాతానికి పోతుంది. మధ్యలో చూడాలంటే దానికి తగ్గట్టు గీతని ముందే కిందికి జరుపుకునే పద్ధతులున్నాయి, అవి వాడండి.

నెల్లూరు_డిజిటల్
క్లయింట్ రోజూ ఫోన్ చేసి ‘ఏది గెలుస్తోంది’ అని అడుగుతాడు మేడమ్, చూడకుండా ఎట్లా కూర్చునేది. సరే, 95 మాట వెనక్కి తీసుకుంటున్నా.

కావలి_ఎంబీఏ
మరి ఎంతమందికి పంపాలి?

లెక్కల_టీచర్
అది మీరు ఎంత తేడాని పట్టుకోవాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. పంపకముందే తేల్చుకోవాలి, హైపోథిసిస్ పక్కనే రాయాలి. చేతి లెక్కకి ఇది చాలు:

```
n = 16 × p × (1 − p) / d²
```

ఇక్కడ p ఇందాకటిది కాదు, రెండు శాతాల సగటు; d అంటే పట్టుకోవాల్సిన తేడా. 4 నుంచి 6 శాతానికి పెరిగిందా అని తేల్చాలంటే 16 × 0.05 × 0.95 ని 0.0004తో భాగించండి, 1,900. అది ఒక్కో గుంపుకి! అంతమందికి పంపినా, నిజంగా తేడా ఉన్నప్పుడు అయిదింట నాలుగుసార్లే దొరుకుతుంది. అదే 4 నుంచి 5 అయితే d సగమవుతుంది, మంది దాదాపు నాలుగింతలు కావాలి.

కావలి_ఎంబీఏ
ఉన్నదే 600 మేడమ్!

నెల్లూరు_డిజిటల్
ఆర్డర్లు వదిలేసి లింక్ నొక్కినవాళ్లని లెక్కపెట్టు. నూటికి ముప్పై మంది నొక్కేది నలభై అయిందా అన్నది తేల్చడానికి గుంపుకి 360 చిల్లర చాలు, నీ 300 దరిదాపుల్లోనే ఉంది.

లెక్కల_టీచర్
లెక్క సరైనదే. కానీ తగ్గింపు అనే మాట చూసి నొక్కి, ధర చూసి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. నొక్కుళ్లు పెరిగితే ఆర్డర్లు పెరుగుతాయని ఈ షాపులో ఎవరూ చూడలేదు. కొలిచింది నొక్కుళ్లనే అని రిపోర్టులో ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు.

నెల్లూరు_డిజిటల్
చిన్న షాపులన్నిటికీ అదే గతి మరి. 1,900 మంది దొరికేదాకా ఆగితే షాపు మూసుకోవాలి.

కందుకూరు_పచ్చళ్లు
నాకు అర్థం కానిదేందంటే, 10 శాతం తగ్గిస్తే చేతినుంచి పోయేది ఎంత, కొరియర్ భరిస్తే పోయేది ఎంత అన్నది ఎవరూ అడగలేదు. 18 ఆర్డర్లు వచ్చి 12 కన్నా తక్కువ మిగిలితే?

లెక్కల_టీచర్
ఈ చర్చలో ఇదే మంచి ప్రశ్న. ఆర్డరుకి మిగిలిన డబ్బు కొలవచ్చు, కాకపోతే అది ఒక్కో ఆర్డరుకి బాగా మారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువమంది కావాల్సి రావచ్చు.

కావలి_ఎంబీఏ
మళ్లీ పంచి లింక్ నొక్కుళ్లతో చేస్తా. ఉన్న ఫలితాన్ని ‘తేడా తేలలేదు, గుంపులు కూడా సమానం కావు’ అని రాస్తా. ఇంకో డౌట్, ఉదయగిరిలో ఇద్దరు అక్కచెల్లెళ్లకి వేరే వేరే మెసేజ్‌లు వెళ్లాయట, ఒకామె తనది ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. వాళ్లని తీసెయ్యాలా?

లెక్కల_టీచర్
ఫలితం చూశాక మనుషుల్ని తీసెయ్యకండి. ఈసారి ఒకే ఇంటివాళ్లని ఒకే గుంపులో పడేట్టు పంచండి.

ఒంగోలు_గిత్త
ఎవరు ఎవరి ఇంటివాళ్లో నంబర్ చూసి ఎట్లా తెలుస్తది?