డబ్బు రెండుసార్లు ఎందుకు కట్ అయిందో మేనేజరుకు ఎలా చెప్పాలి?

వాటర్లూ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి కెనడా వచ్చాను. ఇప్పుడు టొరంటోలో ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక సంస్థలో నాలుగు నెలల ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. మా దగ్గర కొందరు కస్టమర్లకు ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు కట్ అవుతోంది. కారణం వెతకమని టీమ్ లీడ్ నాకు అప్పగించారు, దొరికింది. చెల్లింపు సంస్థ నుంచి జవాబు ఆలస్యమైతే మా యాప్ అదే అభ్యర్థనను మళ్లీ పంపుతోంది. ఐడెంపొటెన్సీ కీ పెడితే ఆగుతుంది. గురువారం ఈ సంగతి కస్టమర్ సర్వీసు మేనేజరుకు నేనే పదిహేను నిమిషాల్లో చెప్పాలి. ఆవిడకు ప్రోగ్రామింగ్‌తో పరిచయం లేదు. "టైమవుట్ తర్వాత రీట్రై వల్ల నాన్-ఐడెంపొటెంట్ రిక్వెస్ట్ రెండుసార్లు ప్రాసెస్ అవుతోంది" అని రాసుకున్నాను. నా రూమ్‌మేట్ చదివి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదంది. ఎలా చెప్పమంటారు?

బ్రాంప్టన్ అన్న:
చెల్లీ, ఇంగ్లిష్ గురించి దిగులు పడకు. నేను వచ్చిన కొత్తలో నా ఉచ్చారణ ఇక్కడివాళ్లకు అర్థమయ్యేది కాదు. మెల్లగా, చిన్న వాక్యాల్లో మాట్లాడడం అలవాటు చేసుకున్నాక కుదురుకుంది. ముందురోజు రాత్రి అద్దం ముందు చెప్పి చూసుకో.

వాటర్లూ విద్యార్థిని:
థాంక్స్ అన్నయ్యా. ఇంగ్లిష్‌తో ఇబ్బంది లేదు. విషయాన్నే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మిస్సిసాగా బ్యాంకు ఉద్యోగి:
ఇది పెద్ద విషయమేమీ కాదు. కార్డు వాడగానే బ్యాంకు ఆ సొమ్మును హోల్డ్‌లో పెడుతుంది. కస్టమర్ యాప్‌లో అది "పెండింగ్" అని కనిపిస్తే రెండుసార్లు కట్ అయిందని భయపడతారు. కొద్దిరోజుల్లో అదే పోతుంది. ఆ మాట చెబితే మీ మేనేజరు ఊరటపడతారు.

మార్కమ్ అక్క (చెల్లింపుల రంగం):
మీటింగుకు ముందే ఈ సంగతి తేల్చుకోండి. హోల్డ్ గురించి ఆయన చెప్పింది నిజమే. కానీ మీ దగ్గర జరుగుతున్నది అదేనా? చెల్లింపు సంస్థ పేజీలో ఒక ఫిర్యాదు తాలూకు ఆర్డరు తెరవండి. ఒకే ఆర్డరు నంబరు కింద వేర్వేరు లావాదేవీ నంబర్లతో రెండు వసూళ్లు పూర్తయి ఉంటే కస్టమర్ డబ్బు నిజంగానే మీ దగ్గరికి వచ్చేసింది, తిరిగివ్వాలి. ఒకటి వసూలై, రెండోది హోల్డ్‌గా ఉండిపోతే అది దానంతటదే తొలగిపోతుంది. ఫోన్లు తీసే సిబ్బంది కస్టమర్‌కు చెప్పవలసిన మాట ఈ రెండు సందర్భాల్లో పూర్తిగా వేరు. మీ మేనేజరు మొదట అడిగేది అదే.

ఇక చెప్పే తీరు. నిర్వచనంతో మొదలుపెట్టకండి. నిజంగా జరిగిన ఒక్క ఆర్డరు తీసుకుని సెకన్ల వారీగా చెప్పండి. మీ లాగ్‌లో దాదాపు ఇలా ఉంటుంది:

```
19:42:05  POST /payments
19:42:15  timeout
19:42:16  POST /payments
19:42:18  200 OK
```

ఇది చూస్తే మొదటి ప్రయత్నం విఫలమైనట్టు, రెండోది సఫలమైనట్టు కనిపిస్తుంది. చెల్లింపు సంస్థ రికార్డు చూడండి. వాళ్లు 19:42:13కే డబ్బు వసూలు చేసి ఉంటారు. వాళ్ల జవాబు బయలుదేరి వచ్చేలోపు మీ యాప్ పది సెకన్లు చూసి వదిలేసింది. ఈ రెండు వైపులనూ ఒకే కాగితం మీద పక్కపక్కన, మామూలు మాటల్లో రాయండి. ఆ కాగితం చూపిస్తూ ఇలా చెప్పండి: "జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు. జరిగి ఉండవచ్చు, జరగకపోయి ఉండవచ్చు. ఆ తేడా మన యాప్‌కు తెలియదు. ఇప్పుడు మాత్రం జరగలేదనే అనుకుని మళ్లీ అడుగుతోంది." ఇక్కడ ఆగండి. ఇది ఆవిడకు ఎక్కితే మిగతాది తేలిక.

పరిష్కారానికీ ఐడెంపొటెన్సీ కీ అన్న పేరు అక్కర్లేదు. ప్రతి చెల్లింపుకూ ఒక నంబరు ఇస్తాం, మళ్లీ అడిగినా అదే నంబరు పంపుతాం, చెల్లింపు సంస్థ ఆ నంబరును ముందే చూసి ఉంటే డబ్బు తీసుకోకుండా మొదటి జవాబునే తిరిగి పంపుతుంది. కావాలంటే చెక్కు నంబరుతో పోల్చండి.

ఇంకొకటి. లాగ్‌లో సమయం చాలాచోట్ల యూటీసీలో ఉంటుంది. అది టొరంటో కంటే వేసవిలో నాలుగు గంటలు, చలికాలంలో ఐదు గంటలు ముందుంటుంది. మార్చి రాయండి. కస్టమర్ రాత్రి ఏడున్నరకు కొన్నానంటే మీ కాగితంలో అర్ధరాత్రి కనబడితే, ఆవిడ దృష్టి అక్కడే చిక్కుకుంటుంది.

ఓక్‌విల్ నుంచి:
చెక్కు పోలిక వద్దంటాను. ఇక్కడ ఫోనుతో ఫొటో తీసి జమచేసిన చెక్కునే మళ్లీ ఇంకోచోట జమచేసే మోసాలు ఉన్నాయి. ఆవిడ ఆ ప్రశ్న వేస్తే మాట పక్కదారి పడుతుంది. నా ఉద్దేశంలో లాగ్ కాగితం కూడా వద్దు, అంకెలు చూడగానే కొందరు మేనేజర్లు వినడం మానేస్తారు.

మార్కమ్ అక్క:
పోలిక సంగతి ఒప్పుకుంటాను, వదిలేయండి. కాగితం మాత్రం వదలవద్దు. కస్టమర్ సర్వీసువాళ్లు రోజంతా ఆర్డర్లు, సమయాలే చూస్తారు. అవి వాళ్లకు కొత్త కాదు.

వాటర్లూ విద్యార్థిని:
అక్కా, తెరిచి చూశాను. రెండూ పూర్తయిన వసూళ్లే. ఇంకో సంగతి. "పే బటన్ ఒకసారి నొక్కగానే పనిచేయకుండా చేస్తే సరిపోదా?" అని ఆవిడ ఇప్పటికే మెయిల్‌లో అడిగారు.

మార్కమ్ అక్క:
సరైన ప్రశ్నే. కాగితంలో 19:42:16 దగ్గర వేలు పెట్టి చూపించండి. ఆ రెండో అభ్యర్థన కస్టమర్ నొక్కినది కాదు, యాప్ పంపింది. బటన్‌ను ఆపితే మనిషి ఆగుతాడు, యాప్ ఆగదు. "అయితే యాప్ మళ్లీ అడగడమే మానేస్తే?" అని కూడా అడుగుతారు. అప్పుడు డబ్బు పోయినా తెర మీద "విఫలమైంది" అని వస్తుంది, కస్టమర్ మళ్లీ మొదటినుంచి కొంటాడు లేదా ఆవిడ సిబ్బందికే ఫోన్ చేస్తాడు.

"ఇక ఎప్పటికీ జరగదు" అని మాత్రం మాట ఇవ్వకండి. కస్టమర్ రెండు బ్రౌజర్లలో రెండు ఆర్డర్లు పెడితే రెండు నంబర్లు పుడతాయి, రెండూ వసూలవుతాయి. పైగా చెల్లింపు సంస్థలు ఆ నంబరును శాశ్వతంగా గుర్తుపెట్టుకోవు. స్ట్రైప్ అయితే 24 గంటలు దాటాక తొలగించవచ్చని తన పత్రాల్లోనే రాసింది. మర్నాడు ఎవరైనా పాత ఆర్డరును మళ్లీ పంపితే రక్షణ ఉండకపోవచ్చు. నంబరును ప్రతి ప్రయత్నానికీ కొత్తగా పుట్టించకుండా ఆర్డరుతోపాటే భద్రపరచాలన్నది మీ లీడ్‌తో మాట్లాడవలసిన విషయం, ఆవిడకు చెప్పనక్కర్లేదు.

చివర్లో "అర్థమైందా?" అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. "దీన్ని ఫోన్ తీసేవాళ్లకు మీరు ఎలా చెబుతారు?" అని అడగండి. ఆవిడ "నెట్‌వర్క్ పోయింది" అంటే ఇంకా అందలేదన్నమాట.

వాటర్లూ విద్యార్థిని:
గురువారం చెప్పాను. "డబ్బు తీసుకున్నారు, మనకు ఆలస్యంగా తెలిసింది, తెలిసేలోపు మళ్లీ అడిగాం" అని ఆవిడే తిరిగి చెప్పారు. లాగ్ కాగితం తన దగ్గరే ఉంచుకున్నారు. కానీ ఫిర్యాదు చేయనివాళ్లకు కూడా తిరిగివ్వాలా, ఎంత వెనక్కి వెళ్లాలి అన్నది తేలలేదు. లీడ్, ఆవిడ మాట్లాడుకుంటున్నారు. మా దగ్గర ఒక నెల లాగ్‌లే ఉన్నాయి.

మార్కమ్ అక్క:
ఎంత వెనక్కి అన్నది వాళ్ల నిర్ణయం. లాగ్‌లు లేకపోయినా చెల్లింపు సంస్థ నుంచి పాత లావాదేవీల నివేదిక దించుకోవచ్చు. ఒకే ఆర్డరు నంబరు, ఒకే మొత్తం రెండుసార్లు వచ్చిన వరుసలు వేరు చేయండి. వాటిలో ఇప్పటికే రీఫండ్ అయినవి, కస్టమర్ తన బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకున్నవి ముందే తీసేయండి. లేకపోతే ఈసారి రీఫండ్ రెండుసార్లు వెళ్తుంది.