ఒక మనిషికి ఇద్దరు బాస్‌లు: ఫాయోల్ మాటకి కాలం చెల్లిందా?

గ్రూప్1_ప్రయత్నం
పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. ఉద్యోగికి ఆజ్ఞలు ఒక్క అధికారి నుంచే రావాలని ఫ్రెంచ్ గనుల ఇంజనీరు ఫాయోల్ 1916లో రాశాడు. ఇప్పుడు ఏ ఆఫీసు చూసినా ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు పైవాళ్లు. ఈ సూత్రం ఇంకా పనికొస్తుందా, లేక పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయాల్సిందేనా?

మాదాపూర్_మకాం
బట్టీ పట్టి వదిలేయండి బ్రో. నాకు హైదరాబాద్‌లో ఒక మేనేజర్, డాలస్‌లో ప్రాజెక్ట్ లీడ్. లీవ్ ఈయన ఇస్తాడు, పని ఆయన చెప్తాడు. ఇన్నేళ్లలో ఒక్క గొడవ లేదు. 1960ల్లోనే అమెరికాలో విమానాలు, రాకెట్లు చేసే కంపెనీలు ఒకరికి ఇద్దరు బాస్‌లుండే ఈ మ్యాట్రిక్స్ పద్ధతిలోకి వెళ్లిపోయాయి. ఫాయోల్ బొగ్గు గనులు నడిపిన మనిషి, ఆయన కాలంలో ఇలాంటి పని ఎక్కడుంది? ఆయనకి ఇద్దరు బాస్‌ల సంగతే తెలిసుండదు.

గని_మాస్టారు
తెలియకపోవడమేమిటి బాబూ, ఆయన వాదించిందే దాని మీద. అప్పటికే అమెరికాలో టేలర్ అనే ఇంజనీరు ఒక పని చేశాడు. శ్రమ విభజన కూలీల దగ్గరే ఎందుకు ఆగాలి, మేస్త్రీ పనిని కూడా ముక్కలు చేద్దాం అని, ఒక్క ఫోర్‌మన్ స్థానంలో ఎనిమిది మందిని పెట్టమన్నాడు. లేత్ మీద నిలబడ్డ కార్మికుడికి సరుకు బిగించడం ఒకరు చూపిస్తారు, ఏ వేగంతో తిప్పాలో ఇంకొకరు చెప్తారు, నాణ్యత ఒకరు చూస్తారు, మిషన్ శుభ్రం, మరమ్మతు మరొకరు. వీళ్లు కాక ప్లానింగ్ గదిలో నలుగురు: పని వరుస రాసేవాడు, సూచనల కార్డు రాసేవాడు, టైమూ ఖర్చూ లెక్క చూసేవాడు, క్రమశిక్షణ చూసేవాడు. ఎనిమిది మందీ ఆ ఒక్కడికే నేరుగా చెప్పొచ్చు.

టేలర్ చూపిన కారణంలో పస ఉంది. అన్నీ తెలిసిన ఫోర్‌మన్ దొరకడు. ఫాయోల్ ఆ మాట ఒప్పుకున్నాడు. నిపుణులు ఉండాల్సిందే, కానీ వాళ్లు అధికారికి చెప్పాలి, ఆజ్ఞ మాత్రం అధికారి నోట రావాలి అన్నాడు. ఈ ఇద్దరి తగాదా అక్కడే.

ఇక మీ సంగతి. లీవ్ ఒకరు, పని ఒకరు అన్నారు. అంటే ఇవాళ పొద్దున ఏం చేయాలో చెప్పేది ఒక్కరే కదా. మీకున్నది ఒక్క బాస్, ఇంకొకాయన పేరుకే. డాలస్ ఆయన కోడ్ రాయమన్న గంటలోనే హైదరాబాద్ ఆయన ఇంకో టీమ్‌కి పని చేయమన్న రోజు చెప్పండి.

కోనసీమ_వ్యవసాయం
ఇద్దరు పైవాళ్ల గురించి మాట్లాడుతున్నందుకు సంతోషమండీ, మాదీ అదే సంగతి. నేను గ్రామ సచివాలయంలో అగ్రికల్చర్ అసిస్టెంటుని. మండలం పేరు ఎందుకులెండి. మాకు డ్యూటీ చార్ట్ సరిగ్గా ఇస్తే చాలండి, ఎవరి కింద ఉన్నామన్నది మాకెందుకు?

మొన్న ఖరీఫ్‌లో ఈ-క్రాప్ నమోదు గడువు దగ్గర పడింది. పొలంలోకి వెళ్లి, సర్వే నంబర్ వారీగా పంట చూసి, ఫోటో తీసి ఎక్కించాలి. రైతు పొద్దున్నే దొరుకుతాడు, ఎండెక్కితే దొరకడు. ఇంతలో మండల పరిషత్ నుంచి ఫోన్, ఇంటింటి సర్వే ఇవాళే పూర్తి చేయాలని. సర్వే చేస్తే మా శాఖ నుంచి మెమో, ఈ-క్రాప్ చేస్తే అక్కడి నుంచి మెమో. పొద్దున హాజరు సచివాలయంలో వేయాలి, జీతం బిల్లు అక్కడే పెడతారు. కాబట్టి ఆ రోజు సర్వేకే వెళ్లాను. ఈ-క్రాప్ సాయంత్రం చీకటి పడేదాకా చేశాను. చీకట్లో ఫోటో ఏం వస్తుందండీ! ఈ చార్ట్ సంగతి ఎవరైనా పైకి చెప్పాలి.

పటాన్‌చెరు_బ్యాచ్
మీరంతా ఇద్దరు బాస్‌లంటే ఊరికే భయపడుతున్నరు. మా దగ్గర ఇద్దరు లేకపోతేనే ప్రమాదం. మాది మందుల ప్లాంటు. ప్రొడక్షన్ హెడ్‌కి లారీ ఏ రోజు బయల్దేరాలె అన్న ధ్యాస. ప్యాకింగ్ మొదలువెట్టే ముందు క్యూఏ, అంటే నాణ్యత చూసే శాఖ మనిషి వచ్చి లైన్ క్లియరెన్స్ ఇయ్యాలె. వెనకటి బ్యాచ్ లేబుల్ ఒక్కటి మిషన్ కింద పడి ఉన్నా సంతకం పెట్టడు. ఒకసారి నైట్ షిఫ్ట్‌లో కార్టన్ మీద బ్యాచ్ నంబర్ అచ్చు మసకగా వస్తుందని లైన్ ఆపిండు. ప్రొడక్షన్ హెడ్ ఫోన్‌లో అరిచిండు. అయినా లైన్ కదలలే. అమెరికా ఔషధ నిబంధనల్ల 211.22 అని సెక్షన్ ఉంది. తిప్పికొట్టే అధికారం క్వాలిటీ యూనిట్‌దే. మన దేశం ఔషధ నిబంధనల్ల షెడ్యూల్ ఎం కూడా క్వాలిటీ కంట్రోల్ ప్రొడక్షన్ కింద ఉండొద్దనే అంటది. ఫాయోల్ మాట వింటే మేం మసక నంబర్‌తోనే పంపేవాళ్లం.

గ్రూప్1_ప్రయత్నం
అయితే మూడు ఉదాహరణలు, మూడు రకాలు. మాస్టారూ, ఈ క్యూఏ సంగతి ఫాయోల్‌కి ఎదురు కాదా?

గని_మాస్టారు
కాదు. "ఆపు" అనే హక్కు వేరు, "ఇది చెయ్" అనే హక్కు వేరు. క్యూఏ మనిషి లైన్ ఆపాడు, బాగుంది. ఆగిన లైన్ మీది ఆపరేటర్లని తీసుకెళ్లి రెండో లైన్‌లో పెట్టమని ఆయన చెప్పగలడా? చెప్పలేడు, అది ప్రొడక్షన్ పని. ఆపరేటర్‌కి ఆజ్ఞ ఒక్క చోటు నుంచే వస్తోంది.

నేను ముప్పై ఏళ్లు భూగర్భ గనుల్లో చేశాను కాబట్టి మా చట్టం సంగతి చెప్తాను. మా రోజుల్లో ఉన్న 1952 గనుల చట్టం, సెక్షన్ 17 ఇలా చెప్పేది. ప్రతి గనికీ ఒక్కడే మేనేజర్ ఉండాలి. యజమాని గానీ, ఆయన ఏజెంట్ గానీ మేనేజర్‌కి చెప్పొచ్చు, చెప్పిన మాట కాగితం మీద ధ్రువీకరించాలి. మేనేజర్ కింది మనిషికి, అతని చట్టబద్ధమైన విధుల్లో వేలు పెట్టే సూచన మేనేజర్ని దాటి ఇవ్వకూడదు. అత్యవసరమైతే తప్ప. చూడండి, డబ్బు పెట్టిన యజమానికే ఆ హక్కు లేదు. మరోపక్క ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ప్రమాదం కనిపిస్తే పని ఆపించగలడు. కానీ ఇవాళ ఏ బొగ్గు పొరలో ఎన్ని టన్నులు తీయాలో ఆయన చెప్పడు.

ఎందుకిలా రాశారంటే, పైకప్పు కూలినప్పుడు అక్కడ దిమ్మలు బిగించకుండా ముందుకి వెళ్లమన్నది ఎవరో తేలాలి. ఇద్దరు చెప్పి ఉంటే ఇద్దరూ చేతులు దులుపుకుంటారు, ఇరుక్కునేది గని లోపల పని చూసే ఓవర్‌మన్. పైనుంచి పెద్ద ఆఫీసర్ ఫోన్ చేసి "ఆ బొగ్గు తవ్వే ముఖం ఇవాళ నడిపించు" అనడం మా రోజుల్లోనూ ఉండేది. తెలివైన ఓవర్‌మన్ "మేనేజర్ గారితో చెప్పించండి సార్" అనేవాడు. సగం ఫోన్లు అక్కడితో ఆగిపోయేవి.

కోనసీమ తమ్ముడూ, నీ సమస్య చార్ట్ కాదు. చార్ట్ ఎంత బాగా రాసినా ఆ పొద్దున ఫోన్ వస్తుంది. చూడు: ఈ-క్రాప్ పని ఇచ్చేది ఒకరు, హాజరు చూసేది ఇంకొకరు, సర్వే ఇచ్చేది మూడో చోటు. మెమో మాత్రం ఎవరైనా ఇవ్వగలరు. రెండు ఆజ్ఞలు ఢీకొన్నప్పుడు ఏది ముందో తేల్చే పని కింద ఉన్న నీ మీద పడింది. జీతం ఎటు ఉంటే అటు వెళ్లావు, నిన్ను తప్పు పట్టను. కానీ ఆ నిర్ణయం నీ కన్నా పైన జరగాల్సింది.

మాదాపూర్_మకాం
సరే, గనికి చట్టం ఉంది. కంపెనీలకి ఏముంది? ప్రతి దానికీ పై నుంచి కిందకి ఒకే దారి అంటే ఒక్క సంతకానికి వారం పడుతుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో చూడట్లేదా? మీరు చెప్పేది పాటిస్తే డాలస్‌తో నేను నేరుగా మాట్లాడకూడదు.

గని_మాస్టారు
మాట్లాడొచ్చు. ఫాయోలే దానికి ఇటు నుంచి అటు దాటే వంతెన పలక వేశాడు. రెండు శాఖల్లో ఒకే మెట్టు మీద ఉన్న ఇద్దరు, మెట్లన్నీ ఎక్కి దిగకుండా నేరుగా మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. షరతులు రెండే: ఇద్దరి పైవాళ్లూ ముందే ఒప్పుకోవాలి, తేలిన సంగతి వాళ్లకి వెంటనే చెప్పాలి. ఒప్పందం కుదరకపోతే పైకి పోతుంది. మా తమ్ముడి మండలంలో కావాల్సింది ఆ పలకే. గడువు ఉన్న వారంలో పొద్దుటి పూట ఈ-క్రాప్‌ది, మధ్యాహ్నం సర్వేది అని ఇద్దరు మండలాధికారులూ కలిసి ఒక్క కాగితం రాస్తే, ఆ తర్వాత ఫోన్ చేసేవాడు కాగితాన్ని దాటి చేయాలి.

స్ప్రింట్_అత్తయ్య
మాదాపూర్ తమ్ముడూ, నీ టీమ్‌లో పనిని స్ప్రింట్ అనే చిన్న గడువులుగా కోసే స్క్రమ్ పద్ధతి ఉందా? ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్ ఒక్క మనిషి, కమిటీ కాదు అని స్క్రమ్ గైడ్‌లోనే ఉంది. వరుస మార్చాలనుకున్న వాళ్లు ఆయన్ని ఒప్పించాలి, డెవలపర్ దగ్గరికి రాకూడదు. ఫాయోల్ పేరెత్తకుండా ఆయన మాటే రాసుకున్నారు. మా ఆఫీసులో గొడవ ఎప్పుడు వస్తుందంటే, సేల్స్ వాళ్లు మెసేజ్ పెట్టి "చిన్న మార్పే, ఐదు నిమిషాలు" అని డెవలపర్ని నేరుగా పట్టుకున్నప్పుడు. స్ప్రింట్ చివర్లో పని మిగిలిపోతే టీమ్ నెమ్మది అంటారు. ఎవరెవరు అడిగారో పని నమోదు చేసే టికెట్లలో కనిపించదు. గుర్తుపట్టాలంటే టికెట్ లేకుండా వచ్చిన కోడ్ మార్పులు ఎన్నో చూడు.

మాదాపూర్_మకాం
స్క్రమ్ వరకు ఒప్పుకుంటా అత్తయ్యా. కానీ పెద్ద కంపెనీలు మ్యాట్రిక్స్‌తోనే నడుస్తున్నాయి కదా.

గని_మాస్టారు
నడుస్తాయి, ఖరీదు కట్టి. విద్యుత్ పరికరాలు చేసే ఏబీబీ కంపెనీ 1988లో పుట్టినప్పటి నుంచి మ్యాట్రిక్స్‌కి ప్రపంచం చూపించే ఉదాహరణ. దేశానికి ఒక అధిపతి, వ్యాపారానికి ఒక అధిపతి, ఫ్యాక్టరీ మేనేజర్ ఇద్దరికీ జవాబు చెప్పాలి. పదేళ్లకి అదే కంపెనీ వ్యాపారాల వైపు మొగ్గి ఆ నిర్మాణాన్ని చాలావరకు సడలించింది. అది పూర్తిగా ఇద్దరు బాస్‌ల తప్పే అని మాత్రం నేననను. ఆ పదేళ్లు ఆ కంపెనీ బాగానే పెరిగింది కూడా.

పటాన్‌చెరు_బ్యాచ్
మాస్టారూ, ఆపే హక్కు, చెప్పే హక్కు వేరన్నరు. మంచిగనే ఉంది. కానీ చాలా ప్లాంట్లల్ల క్యూఏ హెడ్ ఇంక్రిమెంట్ మీద ప్లాంట్ హెడ్ మాట నడుస్తది. కాగితం మీద ఆపే హక్కు ఆయనదే. మార్చి నెలల లారీ ఆపుతడా?

గని_మాస్టారు
అందుకే ఆయన రేటింగ్ ప్లాంట్ బయట, కార్పొరేట్ క్వాలిటీ రాయాలి. కానీ అప్పుడు ప్లాంట్ హెడ్ "నా ప్లాంట్‌లో నా మాట వినని మనిషి" అంటాడు. దానికి ఫాయోల్ దగ్గర నాకు జవాబు దొరకలేదు.

కోనసీమ_వ్యవసాయం
ఆ ఇద్దరు అధికారుల చేత ఒక్క కాగితం రాయించమన్నారు కదండీ. రాయమని వాళ్లని అడగాల్సింది ఎవరు? నేను అడిగితే అదో మెమో అవుతుంది.

స్ప్రింట్_అత్తయ్య
నువ్వు ఒంటరిగా అడగకు. మండలంలో మీలాంటి అసిస్టెంట్లంతా కలిసి, గడువు తేదీ, సర్వే తేదీ రెండూ ఒకే కాగితం మీద పెట్టి, "ఏది ముందో రాసివ్వండి" అని ఇద్దరికీ ఒకే రోజు ఇవ్వండి. ఎవరి మీదా ఫిర్యాదు రాయొద్దు.