డ్రైవర్లు, గోదాము సిబ్బందికి మధుమేహ పరీక్షలు: కంపెనీకి పంపిన ప్రతిపాదనలో ఏమి మార్చాలి?

అడిగినవారు (స్వచ్ఛంద సంస్థ కార్యకర్త): సరుకు రవాణా చేసే ఒక కంపెనీకి మా సంస్థ తరఫున ప్రతిపాదన పంపాము. అక్కడ 150 మంది డ్రైవర్లు, 90 మంది గోదాము సిబ్బంది పనిచేస్తున్నారు. ఒక ఉదయం శిబిరం పెట్టి, అందరికీ పరగడుపున గ్లూకోమీటరుతో చక్కెర చూస్తామని, ఆ ఖర్చు కంపెనీ భరించాలని రాశాము. అది రెండు ప్రశ్నలతో తిరిగి వచ్చింది. డ్రైవర్లందరినీ ఒకే ఉదయం ఎలా సమకూరుస్తారన్నది మొదటిది. చక్కెర ఉన్నట్టు తేలినవారి పేర్లు ఎప్పుడు ఇస్తారన్నది రెండవది. పేర్లు ఇవ్వలేమంటే ప్రాయోజకత్వమే పోతుందేమోనని భయంగా ఉంది. ఎలా జవాబివ్వాలో దయచేసి చెప్పగలరు.

ల్యాబ్ టెక్నీషియన్: ముందు పరగడుపు షరతు తీసివేయండి. రాత్రంతా బండి నడిపి, దారిలో టీ తాగి వచ్చిన మనిషికి పరగడుపు లెక్క కుదరదు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది కనుక తిని వచ్చినా ఇబ్బంది లేదు. అది 6.5 శాతం వస్తే మధుమేహం ఖాయమైనట్టే, మళ్ళీ పరీక్ష అక్కరలేదు.

వైద్యురాలు (కార్మికుల ఆరోగ్య విభాగం): పరీక్ష ఎంపిక సరైనదే కానీ చివరి మాట సరికాదండి. లక్షణాలేవీ లేని మనిషికి ఒక్క ఫలితంతో రోగం ఉందని చెప్పకూడదు. మరో రోజు అదే పరీక్షగానీ, పరగడుపు చక్కెరగానీ చూసి నిర్ధారించుకోవాలి. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి అలాంటివారికి పరగడుపు పరీక్షే నమ్మదగినది. డ్రైవర్లను ఒకేచోట సమకూర్చే పని పెట్టుకోకండి. వారు బండి అప్పగించి కాగితాలు ఇచ్చేచోట మూడు వారాలపాటు ఒక టెక్నీషియన్‌ను కూర్చోబెడితే, ఎవరు ఎప్పుడు తిరిగి వచ్చినా పరీక్ష జరిగిపోతుంది. గోదాములో షిఫ్టు మారే వేళ చూసుకుంటే సరిపోతుంది.

మీ ప్రతిపాదనలో నాకు కనిపించిన పెద్ద లోపం వేరే ఉంది. ఖర్చంతా పరీక్ష రోజుకే వేశారు. 240 మందిలో 180 మంది వచ్చారని, వారిలో పదింట ఒకరికి, అంటే 18 మందికి ఫలితం హద్దు దాటిందని, రెండో పరీక్షలో 15 మందికి ఖాయమైందని అనుకుందాం. (ఈ నిష్పత్తులు లెక్క చూపడానికే, మీ దగ్గర వేరుగా ఉండవచ్చు.) ఆ 15 మందికి మొదటి సంప్రదింపు ఒకటి, ఆపై ఏడాదిపాటు మూడు నెలలకొకటి చొప్పున నాలుగు, వెరసి 75 సంప్రదింపులు కావాలి. ప్రతి ఒక్కరికీ కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, పాదాలు కూడా చూడాలి. ఈ భాగానికి డబ్బు లేకపోతే, మనం ఒక మనిషికి రోగం ఉందని చెప్పి వీధిలో వదిలేసినట్టే అవుతుంది. డబ్బు చాలకపోతే పరీక్షలు 120 మందికే పరిమితం చేయండి గానీ, తరువాతి వైద్యాన్ని మాత్రం తగ్గించకండి.

డ్రైవర్: మా డిపోలో ఇలాంటి శిబిరమే పెట్టారు. అంకెలను వరుసలో అందరికీ వినబడేలా చదివారు. ఆ వారమే నన్ను దూరప్రయాణాల నుంచి తప్పించారు. మరుసటి ఏడాది చాలామంది ఆ రోజు సెలవు పెట్టారు. ఇంతకీ ఇన్సులిన్ వాడేవాడు పెద్ద బండి నడపవచ్చా లేదా? ముందు అది చెప్పండి.

వైద్యురాలు: మీకు జరిగింది అన్యాయం. నడపవచ్చా అన్నది మీరుండే చోటి లైసెన్సు నియమాలను బట్టి, మీరు వాడే మందును బట్టి మారుతుంది. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మాత్రలతో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే అది అరుదు. మీ వైద్యునితోనే మాట్లాడండి.

పేర్ల విషయంలో ఈ డ్రైవరుగారి అనుభవమే కంపెనీకి ఇవ్వవలసిన జవాబు: పేర్లు బయటికి వెళ్తాయని తెలిస్తే మనుషులు రారు, రాకపోతే కంపెనీ పెట్టిన డబ్బు వృథా. ప్రతిపాదనలో ఇలా రాయండి: "ఫలితం ఆ ఉద్యోగికి మాత్రమే, విడిగా తెలియజేస్తాము. కంపెనీకి మొత్తం సంఖ్యలు మాత్రమే ఇస్తాము, పదిమంది కంటే తక్కువ ఉన్న బృందానికి విడి సంఖ్య ఇవ్వము. విధులకు అర్హత తేల్చే పరీక్షతో ఈ కార్యక్రమానికి సంబంధం లేదు." ఏడుగురున్న రాత్రి బృందంలో ఇద్దరికి ఉందని రాస్తే, ఆ ఇద్దరెవరో తోటివారు సాయంత్రానికే కనిపెడతారు. సంప్రదింపులకు వెళ్ళడానికి కారణం రాయనవసరం లేని సెలవు కూడా అడగండి, లేకపోతే సెలవు చీటీయే రహస్యాన్ని బయటపెడుతుంది.

ల్యాబ్ టెక్నీషియన్: నిర్ధారణ గురించి నా మాట సరిదిద్దినందుకు ధన్యవాదాలు. కానీ ఒక డ్రైవరుకు చూపు మసకబారుతూ, దాహం ఎక్కువై, చక్కెర 400 ఉందనుకోండి. అప్పుడు కూడా కంపెనీకి చెప్పకుండా బండి ఎక్కనివ్వాలా?

వైద్యురాలు: ఎక్కనివ్వకూడదు. అతణ్ణి అదే రోజు వైద్యుని దగ్గరికి పంపాలి. ఆ ఏర్పాటు ముందే ప్రతిపాదనలో ఉండాలి. "ఈ రోజు విధులకు రాలేరు" అని మాత్రమే చెబితే చాలని నా అభిప్రాయం. అతను వినకుండా బండి ఎక్కితే ఏం చేయాలన్నది మాత్రం మీ న్యాయవాదితో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి.

అడిగినవారు: తరువాతి వైద్యానికి విడి పద్దు చేర్చి, ఈ వాక్యాలతో సవరించి పంపుతాము. ఇంకొక చిక్కు మిగిలింది. గోదాములో ఎత్తుడు దించుడు పని చేసే గుత్తేదారు మనుషులు మా 90 మంది లెక్కలో లేరు, వారు తమ ఉద్యోగులు కారని కంపెనీ అంటోంది. వారిని చేర్పించగలిగినవారు ఎవరైనా ఉంటే, ఆ ఖర్చును కంపెనీ చేత ఒప్పించారా, గుత్తేదారు చేతనా అన్నది చెప్పగలరు.