22 మాక్‌లు రాసినా మార్కులు కదలట్లేదు, మాక్‌లు ఆపేయాలా?

మూడోప్రయత్నం: ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌కి చదువుతున్నా. 22 మాక్‌లు రాశా, 65 నుంచి 70 మధ్యే తిరుగుతున్నా. తప్పుల నోటుబుక్ రెండోది నిండుతోంది. మాక్‌లు ఆపి మళ్లీ చదువుకోవాలా? చివరి మాక్: 128 పెట్టా, 81 రైటు, 47 తప్పు.

గదిలో_నేనే: ఆపొద్దు బ్రో. నేను రోజూ ఒకటి చొప్పున 60 రాశాను. రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవడం అలవాటవ్వాలి కదా.

సచివాలయం_డ్యూటీ: 47 తప్పులా? మూడు తప్పులకి ఒక మార్కు పోతుంది, అంటే పదిహేనున్నర దాకా గంగలో కలిపేశారు. డౌట్ ఉన్నది ముట్టుకోకండి, అంతే. పోయినసారి నేను ఒక్క మార్కులో పోయాను, డౌట్‌గా పెట్టిన మూడూ తప్పయ్యి.

కొత్తగా_వచ్చా: గ్రూప్-1 మెయిన్స్‌కి ఆన్సర్ రైటింగ్ టెస్టులు ఎక్కడ బాగుంటాయండీ?

మాస్టారు_కాదు: మూడోప్రయత్నం గారూ, రాసేటప్పుడు డౌట్ ఉన్నవాటికి ఏమైనా గుర్తు పెట్టుకున్నారా? అది లేకుండా ఈ వాదన తేలదు. నోటుబుక్‌లో ఒక ఎంట్రీ కూడా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

మూడోప్రయత్నం: రెండు ఆప్షన్ల దగ్గర ఆగినవాటికి చుక్క పెడతానండీ. 30 చుక్కలు, 16 రైటు. ఎంట్రీ ఇది: "1813 చార్టర్ చట్టం, కంపెనీ వ్యాపార గుత్తాధిపత్యం రద్దు." ఇది మూడుసార్లు రాసుకున్నా, మళ్లీ తప్పు పెట్టా.

మాస్టారు_కాదు: చూడండి, చుక్కల్లో 16 వచ్చాయి, 14 తప్పులకి నాలుగున్నర పైచిలుకు పోయింది, చేతిలో పదకొండు మార్కులు మిగిలాయి. డ్యూటీ గారి మాట విని వాటిని వదిలేసి ఉంటే 65 కాస్తా 54 అయ్యేది. పావు వంతు కన్నా ఎక్కువ రైటవుతుంటే ఈ నెగెటివ్ లెక్కలో పెట్టడమే లాభం. నాలుగు ఆప్షన్లూ తెలియకుండా కళ్లు మూసుకుని పెడితే మాత్రం సగటున మిగిలేది సున్నా. అయినా ఒక్క టెస్టు చూసి నమ్మకండి, నాలుగైదు టెస్టుల చుక్కలు కలిపి చూడండి.

జబ్బు మీ ఎంట్రీలో ఉంది. అందులో జవాబు ఉంది గానీ, మీరు ఎక్కడ తప్పారో లేదు. మీరు 1833తో కలిపేసుకుంటున్నారు కదా? అయితే ప్రశ్నగా రాయండి: "1813 తర్వాత కూడా కంపెనీ చేతిలో ఏం మిగిలింది? అది ఎప్పుడు పోయింది?" వెనక పేజీలో జవాబు: తేయాకు, చైనాతో వ్యాపారం; 1833లో. రెండో రోజు, వారానికి, మూడు వారాలకి జవాబు మూసి చెప్పుకోండి. చెప్పగలిగితే తర్వాతి గడువుకి వెళ్తుంది, చెప్పలేకపోతే మళ్లీ రెండో రోజు నుంచే. చదివి మర్చిపోయిన తప్పు ఒకటి సరిచేస్తే ఒక్క మార్కే కాదు, మార్కూ మూడో వంతూ పెరుగుతుంది, పోయేది కూడా ఆగుతుంది కాబట్టి.

సచివాలయం_డ్యూటీ: లెక్కలు కాగితం మీద బాగుంటాయి సార్. హాల్లో టెన్షన్‌కి చుక్కలు యాభై అవుతాయి. నా మూడు తప్పుల సంగతి చెప్పండి ముందు.

గదిలో_నేనే: ఈ మూయడం, తెరవడం అంతా టైం వేస్ట్. ఆ టైంలో ఇంకో మాక్ అయిపోతుంది.

పల్నాడు_పిల్ల: మా టెస్ట్ సిరీస్‌లో కీ-నే తప్పు. రెండు నెలలు తప్పు జవాబే రివిజన్ చేశా 😭

సచివాలయం_డ్యూటీ: గదిలో గారూ, మీరు రోజుకో మాక్ రాస్తారు, నేను ఆరింటికి ఇంటికి చేరి, పిల్లాడిని పడుకోబెట్టి పదింటికి పుస్తకం తీస్తా. మాక్ రాస్తే అది సరిచూసుకోడానికి మళ్లీ మూడు గంటలు కావాలి. నాన్న డబ్బులు పంపే వాళ్లు సలహాలు ఇవ్వకండి.

గదిలో_నేనే: మా నాన్న రెండెకరాలు కౌలుకిచ్చి పంపుతున్నాడు, తెలుసా మీకు? మాక్‌లు మానేస్తే నేను చదువుతున్నట్టు ఇంట్లో చూపించడానికి ఇంకేం ఉండదు. మార్కుల పట్టికే అడుగుతారు.

మాస్టారు_కాదు: ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీకు మాక్ హాజరు పట్టీ, ఆవిడకి ఒక పూట సెలవు. ఇద్దరికీ ఒకే సంఖ్య చెప్పలేం. డ్యూటీ గారూ, నెలకి రెండు రాసి, మిగతా రాత్రులు పాత తప్పులే ప్రశ్నలుగా వేసుకోండి.

సచివాలయం_డ్యూటీ: నెలకి రెండా! చాలవేమో.

మూడోప్రయత్నం: అన్నా, 47 తప్పులూ విడగొట్టా. 14 చుక్కలు, 13 చదివి మర్చిపోయినవి, 8 అసలు చదవనివి. మిగతా 12 చూసి నాకే సిగ్గేసింది, "సరికానిది ఏది" అన్నచోట సరైనదే పెట్టేశా. అందులో ఏడు చివరి ఇరవై నిమిషాల్లోవే.

గదిలో_నేనే: చెప్పా కదా, కూర్చోవడం అలవాటు లేదని.